టిఫా రిపోర్టులో కనబడనిదీ రాయాలి

‘లోపాలేమీ కనిపించలేదు’ అని ఒక్క లైను రాసి చేతిలో పెట్టే టిఫా రిపోర్టులు, అంటే కడుపులోని బిడ్డ అవయవాలను చూసే స్కాన్ రిపోర్టులు, ఇక ఆగాలి. ఏ భాగం చూశారు, ఏది సరిగా కనబడలేదు, ఏది అసలు ఈ స్కాన్‌కి అందదు అన్నది తల్లిదండ్రులకు కాగితం మీద తెలియాలి.

18 నుంచి 22 వారాల మధ్య మెదడు, పెదవి, వెన్నెముక, పొట్ట, కిడ్నీలు, కాళ్లూ చేతులూ పరీక్షిస్తారన్నది తెలిసిందే. నా పట్టుదలంతా గుండె గురించే.

బిడ్డ ఛాతీని అడ్డంగా చూస్తే గుండె నాలుగు గదులూ ఒకే చిత్రంలో వస్తాయి. అది బాగుంటే గుండె బాగున్నట్టే అనుకుంటారు. కానీ గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులూ తారుమారైన బిడ్డలో కూడా ఆ చిత్రం మామూలుగానే ఉండొచ్చు. ప్రోబ్‌ను కాస్త బిడ్డ తల వైపు జరిపితేనే సంగతి బయటపడుతుంది. ఆ రెండు ధమనులూ ఒకదాన్నొకటి దాటుతూ వెళ్లాలి. ఈ బిడ్డలో పక్కపక్కనే సమాంతరంగా సాగుతాయి.

కడుపులో ఉన్నంతకాలం ఆక్సిజన్ మాయ నుంచి అందుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. పుట్టాక ధమనుల మధ్య ఉన్న చిన్న నాళం మూసుకునేకొద్దీ బిడ్డ నీలంగా మారుతుంది. ముందే తెలిస్తే పిల్లల గుండె వైద్యం ఉన్నచోటే కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. పుట్టగానే ఆ నాళం మూసుకోకుండా మందు ఎక్కించి, మొదటి వారాల్లోనే ఆపరేషన్‌తో ధమనులను సరిచేస్తారు.

అంత జాగ్రత్తగా చూసినా కొన్ని దొరకవు. ఆ చిన్న నాళం, పై గదుల మధ్య రంధ్రం కడుపులోని ప్రతి బిడ్డకూ తెరిచే ఉంటాయి. పుట్టాక మూసుకుంటాయో లేదో ఇప్పుడు చెప్పలేరు. కింది గదుల గోడలో సన్నని రంధ్రం తప్పించుకోవచ్చు. గుండె దాటితే, డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ స్కాన్‌లో ఏ తేడా లేకుండా కనిపించొచ్చు. వినికిడి, ఆటిజం లాంటివి చిత్రానికి దొరికేవే కావు.

ఇవన్నీ రాస్తే గర్భిణికి లేనిపోని టెన్షన్ అని కొందరు డాక్టర్లంటారు. బిడ్డ బోర్లా ఉన్నా, తల్లి పొట్ట మీద కొవ్వు మందంగా ఉన్నా చిత్రం సరిగా రాదని కూడా అంటారు. నిజమే. అలాంటప్పుడు ‘ధమనులు కనబడలేదు, వారం తర్వాత మళ్లీ రండి’ అని రాయడానికి అభ్యంతరమేమిటి? భయపడతారన్న సాకుతో రోగి దగ్గర సమాచారం దాచడం మన వైద్యానికి పాత అలవాటు. మందుల దుష్ఫలితాల దగ్గర, ఆపరేషన్ ప్రమాదాల దగ్గర కూడా ఇదే చూస్తున్నాం.

రిపోర్టులో ఆ వివరం లేకపోతే స్కాన్ గది దాటకముందే అడగండి: ‘రెండు ధమనులూ ఒకదాన్నొకటి దాటడం చూశారా?’ చూసినవారు చూశామని అప్పటికప్పుడే రాసివ్వగలరు.