‘కర్మణ్యేవాధికారస్తే’ని ముక్కలు చేయకండి

“వీడియోలో శ్లోకం వచ్చినప్పుడు గొంతు బాగా కిందికి దించి, ఒక్కో పదం విడదీసి నెమ్మదిగా చదవండి. కొంచెం ఎకో పెట్టండి. ఉచ్చారణ గురించి టెన్షన్ వద్దు, తెలుగులో అన్ని అక్షరాలూ ఉన్నాయి, రాసింది రాసినట్టు చదివితే చాలు.”

శ్లోకాలతో వీడియోలు చేసేవాళ్లకు ఇలాంటి సలహా ఇస్తుంటారు. అందులో పదాలు విడదీయడం దగ్గర మొదలుపెడతాను, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం చూడండి.

కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన ।
మా కర్మఫలహేతుర్భూర్మా తే సఙ్గోఽస్త్వకర్మణి ॥

ఇది అనుష్టుప్ ఛందస్సు. పాదానికి 8 అక్షరాలు, నాలుగు పాదాలకు 32. మొదటి పాదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టండి: క, ర్మ, ణ్యే, వా, ధి, కా, ర, స్తే. దాన్నే ‘కర్మణి, ఏవ, అధికారః, తే’ అని విడదీస్తే 10 అక్షరాలవుతాయి. నాలుగో పాదం కూడా ‘మా, తే, సఙ్గః, అస్తు, అకర్మణి’ అని 10కి పెరుగుతుంది. సంధి విప్పగానే శ్లోకం వచనమైపోతుంది, ఎంత భక్తిగా చదివినా నడక తిరిగి రాదు.

నెమ్మదిగా చదవమనడంలో కొంత నిజం ఉంది. గబగబా చదివేయడం కంటే అది నయమే. కానీ అన్ని అక్షరాలనూ సమానంగా సాగదీయకూడదు. పొడవుగా పలికే గురువుకు రెండు మాత్రల కాలం, పొట్టిగా పలికే లఘువుకు ఒకటి. అనుష్టుప్‌లో ప్రతి పాదంలో ఐదో అక్షరం సాధారణంగా లఘువు, ఆరోది గురువు. మొదటి పాదంలో అవి ‘ధి’, ‘కా’. నేను మొదట్లో చేసిన ఒక రికార్డింగ్ విని మా పెద్దనాన్న, “అధీకారం అంటున్నావేంట్రా?” అన్నారు. నెమ్మదిగా చదవాలనే ధ్యాసలో ‘ధి’ని కూడా లాగేశాను. ఇప్పుడు ఒక్కో పంక్తికి ఆరు సెకన్ల దాకా తీసుకుంటాను. నెమ్మదంతా ‘కా’, ‘లే’, ‘దా’ లాంటి దీర్ఘాల మీద, ‘కదాచన’ తర్వాతి విరామంలో ఉంటుంది. లఘువు మాత్రం పొట్టిగానే పలుకుతాను.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది ఈ శ్లోకంలో ఇంకా ముఖ్యం. ‘భూర్మా’లో ‘భూర్’తో మూడో పాదం అయిపోతుంది, ‘మా’తో నాలుగోది మొదలవుతుంది. అక్కడ ఆగితే ‘ర్’ గాల్లో వేలాడుతుంది. నిజంగా ఆగాలంటే ‘భూః’ అనాలి, అప్పుడు సంధి పోతుంది. కాబట్టి ‘కదాచన’ దగ్గర నిండా ఊపిరి తీసుకుని రెండో పంక్తిని ఒకే ఊపిరిలో చదవండి.

పదాలు విడదీయాల్సిన చోటు వేరే ఉంది. శ్లోకం పూర్తిగా చదివాక, తెలుగు వివరణలో పదచ్ఛేదం చెప్పేటప్పుడు. ఆ పని మానకూడదు, ఎందుకంటే ‘మా ఫలేషు’ అనగానే తెలుగు చెవికి ‘మా ఇల్లు’లో ‘మా’ వినిపిస్తుంది. ఇక్కడ ‘మా’ అంటే ‘వద్దు’. ‘మా’ అని కాస్త ఆగి, అర్థం చెప్పి, ఆ తర్వాత ‘ఫలేషు’ అంటే వినేవాళ్లకు తేలిగ్గా అందుతుంది. ఇక్కడే ‘అధికారః’, ‘సఙ్గః’ల చివర విసర్గ వస్తుంది. అది ‘హ’ అని తేలికగా వదిలే గాలి, ‘హా’ అని లాగితే తప్పు.

ఇక అక్షరాల మాట. లిపిలో అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ రోజూ మాట్లాడేటప్పుడు మన నోరు చాలా ఒత్తులు వదిలేస్తుంది. ‘అధికారం’ అని రాసి ‘అదికారం’ అంటాం. ‘ఫలేషు’లో ‘ఫ’ను ఫ్యాన్‌లో లాగా కింది పెదవిని పళ్లకు తాకించి పలుకుతాం. సంస్కృతంలో అది ‘ప’కు ఒత్తు, రెండు పెదవులూ కలిసి విడిపోవాలి. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ‘ప’, ‘ఫ’ పలికితే రెండోసారి గాలి గట్టిగా తగలాలి. ‘కదాచన’లో ఇంకో చిక్కుంది. తెలుగులో ‘చాప’, ‘చలి’ అనేటప్పుడు పళ్ల దగ్గర పలికే ‘చ’ సంస్కృతంలో లేదు. ‘చిలుక’లో పలికే ‘చ’నే అన్నిచోట్లా పలకాలి. ‘జ’ కూడా అంతే, ‘జగత్’ను ‘జల్లెడ’లా మొదలుపెట్టకండి. పైగా చదివే కాగితమే తప్పు కావచ్చు. ‘అర్థం’ అని రాయాల్సిన చోట ‘అర్ధం’ అని టైప్ చేసినవి ఎన్నో కనిపిస్తాయి. అచ్చు పుస్తకంతో సరిచూసుకోవాలి.

గొంతు దించితే మొదట పోయేవి ఈ ఒత్తులూ, పంక్తి చివరి అక్షరాలూ. ‘కదాచన’ చివరి ‘న’ గొంతులోనే ఉండిపోతుంది. మిగిలింది ఎకోలో కలిసిపోతుంది. మీరు మామూలుగా మాట్లాడే శ్రుతిలో, లేదా దానికి కాస్త పైన చదవండి. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం వేదమంత్రాలకు ఉన్నవి. గీత శ్లోకానికి ఆ ఎత్తుపల్లాలు తెచ్చిపెట్టనక్కర్లేదు.

ఎకో లేకుండా రికార్డ్ చేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. శ్లోకం రాని వాళ్లను విన్నది విన్నట్టు రాయమనండి. వాళ్లు ‘అదికార’ అనో ‘పలేషు’ అనో రాస్తే ఆ పంక్తి మళ్లీ చదవాలి. సరిగ్గా రాస్తే అప్పుడు కావాలంటే కొద్దిగా ఎకో కలపండి. శ్లోకానికీ వివరణకూ మధ్య ఒక సెకను నిశ్శబ్దం వదిలి, తెలుగును మాత్రం శ్లోకం గొంతుతో కాకుండా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు చెప్పండి.