ఇంటి ధర పెరిగితే కుటుంబం పొదుపు చేసినట్టేనా?

ఏడాదికోసారి కుటుంబ ఆస్తులను ఒకవైపు, అప్పులను మరోవైపు రాసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది నికర విలువ. ఈ కూడికలు, తీసివేతలు ఎవరైనా చేయగలరు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పోయినేడాది అంకె కంటే ఈ ఏడాది అంకె పెద్దదైతే చాలామంది అక్కడితో తృప్తిపడి కాగితం మడిచేస్తారు. ఆ పెరుగుదలలో కుటుంబం మిగిల్చినది ఎంత, మార్కెట్ ధరలు మారడం వల్ల వచ్చినది ఎంత అని విడదీయకపోతే, వెనక్కి నడుస్తున్న కుటుంబం కూడా ముందుకు పోతున్నట్టే కనిపిస్తుంది.

ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. అంకెలన్నీ లక్షల్లో ఉన్నాయనుకుందాం; ఏ కరెన్సీ అయినా లెక్క మారదు. పోయినేడాది డిసెంబరు 31న వారి ఇల్లు 60, బ్యాంకు డిపాజిట్లు 6, మ్యూచువల్ ఫండ్లు 8, బంగారం 5, కారు 4, వెరసి ఆస్తులు 83. ఇంటి రుణం 38 తప్ప వేరే అప్పు లేదు కాబట్టి నికర విలువ 45. ఈ ఏడాది అదే తేదీకి ఇల్లు 66, డిపాజిట్లు 4, ఫండ్లు 9, బంగారం 5.5, కారు 3.5, వెరసి 88. ఇంటి రుణం 37కు తగ్గింది కానీ కొత్తగా 3 లక్షల వ్యక్తిగత రుణం చేరింది. 88లోంచి 40 తీసేస్తే 48. అంటే ఏడాదిలో నికర విలువ 3 లక్షలు పెరిగింది.

ఇప్పుడు ఆ 3 లక్షలను విడదీయాలి. ఇంటి విలువ 6 పెరిగింది. ఫండ్లలో పెరిగిన 1 లక్షలో 60 వేలు నెలనెలా వేసిన సొమ్ము, మిగతా 40 వేలు మార్కెట్ ఇచ్చినది. బంగారం ధర వల్ల 50 వేలు కలిసొచ్చాయి, కారు పాతబడి 50 వేలు పోయాయి. కుటుంబం చేతిలో లేని ఈ ధరల మార్పులన్నీ కలిపితే 6.4 లక్షలు. మొత్తం పెరుగుదల 3 మాత్రమే కాబట్టి, కుటుంబం తన వంతుగా మిగిల్చింది మైనస్ 3.4 లక్షలు. ఇదే అంకె రెండో దారిలోనూ రావాలి: డిపాజిట్లలోంచి తీసింది 2, కొత్త రుణం 3, ఫండ్లలో వేసింది 0.6, ఇంటి రుణంలో తీరిన అసలు 1. మొదటి రెండూ తీసివేత, చివరి రెండూ కూడిక. ఫలితం మళ్లీ మైనస్ 3.4. రెండు దారుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఏదో ఒక ఖాతానో, బాకీనో, సొమ్ము కదలికనో పట్టికలో చేరలేదన్నమాట.

ఆ 2 లక్షలూ, 3 లక్షలూ ఒక కుటుంబ వేడుకకు ఖర్చయ్యాయనుకుందాం. వేడుకను పక్కన పెడితే ఏడాది మిగులు 1.6 లక్షలు. ఈ లెక్కన ఆ 5 లక్షలు పూడ్చడానికి మూడేళ్లకు పైనే పడుతుంది, వ్యక్తిగత రుణంపై వడ్డీ కూడా ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. వేడుక చేసుకోవద్దని చెప్పడం ఈ వ్యాసం పని కాదు. నికర విలువ 45 నుంచి 48కి పెరిగిందన్న ఒక్క వాక్యంలో ఈ సంగతి ఎక్కడా కనపడదన్నదే నా అభ్యంతరం.

అసలు ఇంటికి 66 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? చాలా సందర్భాల్లో అమ్మకం ప్రకటనల్లో చూసిన ధర నుంచి వస్తుంది. ప్రకటనలో ఉండేది అమ్మేవాడి ఆశ. కొనేవాడు ఇచ్చిన ధర వేరు. అదే ప్రాంతంలో, దాదాపు అంతే విస్తీర్ణం, అంతే వయసు ఉన్న ఇళ్లు ఈమధ్య నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో తెలిస్తే ఆ ధర తీసుకుని, అమ్మకపు ఖర్చులు తగ్గించి రాయాలి. అలాంటి ఆధారం లేని ఏడాది పాత అంకెనే ఉంచడం మేలని నా అభిప్రాయం. ఈ కుటుంబం అలా 60నే ఉంచి ఉంటే నికర విలువ 45 నుంచి 42కు తగ్గినట్టు కాగితమే చెప్పేది. ఇల్లు, ఇంటి రుణం రెండూ వదిలేసి మరో వరుస రాసుకుంటే పరిస్థితి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: పోయినేడాది 23, ఈ ఏడాది 19. అవసరం వస్తే వాడుకోగలిగినది ఈ భాగమే, ఉంటున్న ఇంటిలో ఒక గదిని విడిగా అమ్ముకోలేం కదా.

అప్పుల వైపు అంచనాలతో పనిలేదు కానీ అక్కడ వేరే పొరపాటు జరుగుతుంది. పై ఇంటి రుణానికి వడ్డీ రేటు 9 శాతం, నెల కిస్తీ 36,500 అనుకుందాం. ఏడాదిలో కట్టింది 4.38 లక్షలు, అందులో 3.38 లక్షలు వడ్డీకే పోయి, అసలు తగ్గింది 1 లక్ష. కట్టిన కిస్తీలన్నీ పొదుపేనని భావించేవారు ఇక్కడ తమ మిగులును నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చేసి చూసుకుంటారు. దీనికి పూర్తిగా ఎదురు తప్పు చేసేవారూ ఉన్నారు. మిగిలిన కిస్తీలు సుమారు 191, వాటిని 36,500తో గుణిస్తే దాదాపు 70 లక్షలు వస్తుంది. దాన్నే అప్పుగా రాసేస్తారు. కానీ రాబోయే ఏళ్ల వడ్డీ ఇంకా పుట్టలేదు, రుణం ముందే తీర్చేస్తే అది ఎప్పటికీ పుట్టదు. పట్టికలో రాయవలసింది ఆ తేదీకి రుణ ఖాతా వివరణ పత్రంలో ఉన్న అసలు బాకీ, అంటే 37 లక్షలు. క్రెడిట్ కార్డు విషయంలో మాత్రం వచ్చిన బిల్లును చూస్తే సరిపోదు, బిల్లులోకి ఇంకా ఎక్కని కొనుగోళ్లు కూడా ఆ రోజుకు అప్పే.

కారుకు, బంగారానికి కొన్న ధర కాకుండా ఈ రోజు అమ్మితే చేతికి వచ్చే ధర రాయాలి. నగల్లో మజూరీ తిరిగి రాదు. బీమా పాలసీపై ముద్రించిన పెద్ద మొత్తం ఆస్తి కాదు, పాలసీని ఇప్పుడు వదులుకుంటే వచ్చే సరెండర్ విలువ మాత్రమే ఆస్తి. టర్మ్ పాలసీకి అది సాధారణంగా సున్నా.

చివరిగా, ఈ రెండు వరుసల్లో దేనిలోనూ ఇమడనిది ఒకటుంది. ఇంకొకరి రుణానికి హామీదారుగా సంతకం చేసి ఉంటే, వారు సక్రమంగా కడుతున్నంతకాలం అది ఈ కుటుంబం అప్పు కాదు. అలాగని రాయకుండా వదిలేస్తే, ఇంట్లో సంతకం చేసిన ఒక్కరికి తప్ప మరెవరికీ ఆ సంగతి తెలియకుండా పోతుంది. అందుకని పట్టిక అడుగున, కూడికలో కలపకుండా, ఎవరి రుణం, ఈ తేదీకి ఎంత బాకీ ఉంది అన్నది రాసి ఉంచాలి. వారు చెల్లింపులు ఆపేసి, బ్యాంకు హామీదారు నుంచి వసూలు చేసే పరిస్థితి వస్తే, ఆ మొత్తాన్ని అప్పుల వరుసలోకి మార్చి నికర విలువను మళ్లీ లెక్కించాలి.