హౌఎవర్ ముందు కామా చాలదా?

రవి: అక్కా, నా ఇంగ్లిష్ ఎస్సేలో ఈ వాక్యం చదివితే అర్థమవుతోంది కదా, కామా పెట్టినందుకు మార్కులు ఎందుకు తీసేశారు?

శారద: ఏదీ, చదువు.

రవి: "ద శాంపిల్ వాజ్ స్మాల్, హౌఎవర్ ద రిజల్ట్స్ వర్ క్లియర్." హౌఎవర్ అంటే కానీ. బట్ ముందు కామా పెట్టొచ్చని నువ్వే చెప్పావు.

శారద: అర్థం ఒకటే, పని వేరు. అండ్, బట్, సో లాంటివి రెండు వాక్యాలను కలుపుతాయి. హౌఎవర్ కలపదు. కావాలంటే దాన్ని జరిపి చూడు: "ద రిజల్ట్స్, హౌఎవర్, వర్ క్లియర్." జరిగింది కదా? బట్‌ని అలా జరపలేవు. కాబట్టి నీ రెండు వాక్యాల మధ్య మిగిలింది ఉత్త కామా. ఇంగ్లిష్‌లో ఆ పని దానివల్ల కాదు. దీన్నే కామా స్ప్లైస్ అంటారు.

రవి: అయితే కామా తీసేస్తా.

శారద: తీస్తే రెండు వాక్యాలు మధ్యలో ఏ గుర్తూ లేకుండా అతుక్కుపోతాయి. దాన్ని రన్-ఆన్ అంటారు, ఇంకా ఘోరం.

రవి: రన్-ఆన్ అంటే బాగా పొడుగు వాక్యం కదా? నాది చిన్నదే.

శారద: పొడుగుతో పనిలేదు. "ఇట్ రెయిన్డ్ వి లెఫ్ట్" నాలుగు మాటలే, అదీ రన్-ఆనే. స్మాల్ తర్వాత ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పెట్టు, హౌఎవర్ తర్వాత కామా పెట్టు. లేదంటే హౌఎవర్ తీసి బట్ రాయి, నీ కామా అలాగే ఉంటుంది.

రవి: మరి సీజర్ మాట? "ఐ కేమ్, ఐ సా, ఐ కాంకర్డ్." ఆయనకి మార్కులు తియ్యరా?

శారద: అవి ఒకే అచ్చులో పోసిన మూడు బుల్లి వాక్యాలు, అందుకే చెల్లుతుంది. నీ శాంపిల్ వాక్యం అలాంటిదా?

రవి: సరే, ఇంకో చోట ఫుల్‌స్టాపే పెట్టాను, దానికీ ఎర్ర గీతే. "వి ట్రస్టెడ్ ద సర్వే. బికాజ్ ఇట్ వాజ్ రీసెంట్."

శారద: (నవ్వి) ఇది మన తెలుగు అలవాటు. "సర్వేని నమ్మాం. ఎందుకంటే అది కొత్తది." తెలుగులో నిక్షేపంగా ఉంది. ఇంగ్లిష్‌లో బికాజ్ ముక్క ఒంటరిగా నిలబడదు, దాన్ని ఫ్రాగ్మెంట్ అంటారు. అనుమానం వస్తే ముందు "ఈజ్ ఇట్ ట్రూ దట్" తగిలించు. "ఈజ్ ఇట్ ట్రూ దట్ బికాజ్ ఇట్ వాజ్ రీసెంట్?" అంటే ప్రశ్న గాల్లో వేలాడుతుంది. ఆ ఫుల్‌స్టాప్ తీసి రెండూ కలిపెయ్.

రవి: బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టకూడదని స్కూల్లోనే చెప్పారులే.

శారద: అది సగం నిజం. "బికాజ్ ఇట్ వాజ్ రీసెంట్, వి ట్రస్టెడ్ ద సర్వే." ఇందులో తప్పేముంది?

రవి: నవలల నిండా ఫ్రాగ్మెంట్లే ఉంటాయి.

శారద: వాళ్లు తెలిసి రాస్తారు. ఎస్సేలో నువ్వు తెలిసి రాసినా, దిద్దేవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రవి: నా ఆఖరి పేరాలో ఒకటి ఉంది, "నాట్ ఎనీమోర్." తెలిసే పెట్టాను. అది మాత్రం తియ్యను.