డెట్-ఈక్విటీ 0.36 అంటే ఏ అప్పు కలిపితే?

యాన్యువల్ రిపోర్టులో డెట్-ఈక్విటీ, అంటే అప్పును వాటాదారుల సొమ్ముతో భాగించిన రేషియో, 0.36 అని కనబడగానే "అప్పు తక్కువే" అని తేల్చేస్తున్నారు. ఆ 0.36లో ఏ అప్పు కలిపారో, ఏది వదిలేశారో చూడకుండా ఆ మాట ఎలా అంటారండీ?

2021 మార్చిలో కంపెనీల చట్టం షెడ్యూల్ 3ని సవరించాక నోట్స్‌లో పదకొండు రేషియోలు ఇవ్వాలి. లవంలో ఏముందో, హారంలో ఏముందో కూడా చెప్పాలి. కానీ ఫార్ములా ఇదే అని చట్టం గిరి గీయలేదు. చిక్కంతా అక్కడే.

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం, అంకెలన్నీ కోట్లలో. ఈక్విటీ 500. దీర్ఘకాలిక అప్పు 180, స్వల్పకాలిక అప్పు 170, లీజు బాధ్యతలు 70. మొదటిది ఒక్కటే తీసుకుంటే 0.36. రెండు అప్పులూ కలిపితే 350, అంటే 0.70. లీజులూ కలిపితే 0.84. మూడూ ఒకే బ్యాలెన్స్ షీట్‌లోవే! నా మటుకు 0.70 కంటే తక్కువ చూపించే లెక్కను ఒప్పుకోను. ప్రతి ఏడూ తిరగరాసే వర్కింగ్ క్యాపిటల్ లోనూ అప్పే.

ఆ 170లో ఏడాదిలోపు కట్టాల్సిన టర్మ్ లోన్ వాయిదాలు 50 ఉన్నాయనుకోండి. ఆ సవరణ తర్వాత వీటిని స్వల్పకాలిక అప్పుల కిందే విడిగా చూపిస్తున్నారు. కరెంట్ ఆస్తులు 540, కరెంట్ బాధ్యతలు 400 అయితే కరెంట్ రేషియో 1.35. రిపోర్టులో 1.54 కనబడితే 540ని 1.54తో భాగించండి. దాదాపు 350 వస్తుంది. తగ్గిన ఆ 50 ఏమిటో ఇక వేరే చెప్పాలా? తేడా వచ్చినప్పుడు ఇలా వెనక్కి లెక్కేస్తే, వదిలేసిన పద్దు చాలాసార్లు దొరుకుతుంది.

మార్జిన్ దగ్గర ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇతర ఆదాయం. కార్యకలాపాల ఆదాయం 1200, ఇతర ఆదాయం 36. పన్నుకు ముందు లాభం 80, వడ్డీ 40, తరుగుదల 50. ఈ చివరి మూడూ కలిపితే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, అంటే ఎబిటా, 170. దాన్ని 1200తో భాగిస్తే ఎబిటా మార్జిన్ 14.2 శాతం. కానీ డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీ లాంటి ఆ 36 కూడా లవంలో కూర్చుంది, హారంలో లేదు. అది తీసేస్తే 134, అంటే 11.2 శాతం. వ్యాపారం సంపాదించింది ఇదీ.

లెక్క మొదలుపెట్టేముందు అంకెలన్నీ కంపెనీ ఒక్కదానికే చెందిన స్టాండలోన్‌వా, అనుబంధ కంపెనీలూ కలిపిన కన్సాలిడేటెడ్‌వా చూసుకోండి. మేనేజ్‌మెంట్ చర్చ పేజీల్లో ఒకటి, నోట్స్‌లో ఇంకొకటి వాడితే రెండుచోట్లా రేషియో వేరుగా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు.

రేషియో 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. నికర మార్జిన్ 3.8 నుంచి 5.0కి వెళ్తే అది 1.2 శాతం మార్పు కాదు, దాదాపు 32 శాతం. ఈ ఏడాది లవం మార్చి ఉంటే, నిరుటి రేషియోనూ కొత్త పద్ధతిలో మీరే లెక్కేసి అప్పుడు పోల్చండి.