ఎనిమిదిని ఎప్పటిదాకా దాచాలి?

క్రేజీ ఎయిట్స్ అనే పేకాట ఆడేవారిలో చాలామంది, చేతికి ఎనిమిది రాగానే దాన్ని చివరి ముక్కగా మిగుల్చుకోవాలని నిశ్చయించుకుంటారు. ఈ పద్ధతిలో నిజం లేకపోలేదు. కాని అది మన చేతిని మాత్రమే చూసి ఆడే ఆట. ఎనిమిది మనం ముగించడానికి ఎంత పనికొస్తుందో, మన తర్వాత ఆడే వ్యక్తి ముగించకుండా ఆపడానికి అంతకంటే ఎక్కువ పనికొస్తుందని, దాచడమా వేయడమా అన్నది అతని చేతిలోని ముక్కల సంఖ్యను బట్టి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

నియమాలు క్లుప్తంగా చెప్పుకుందాం. ముగ్గురు లేక నలుగురు ఆడితే తలా 5 ముక్కలు పంచుతారు, ఇద్దరే ఆడితే 7. పైముక్క రంగు గాని అంకె గాని కలిసే ముక్కనే వేయాలి. ఇక్కడ రంగు అంటే ఆఠీను, డైమను, ఇస్పేటు, కళావరు. ఎనిమిదిని మాత్రం దేనిమీదనైనా వేసి, తర్వాత ఏ రంగు నడవాలో చెప్పవచ్చు. వేయడానికి లేనివారు కట్టలోంచి తీసుకోవాలి. ఒకరు తమ ముక్కలన్నీ వేసి ముగించేసరికి మిగతావారి చేతుల్లో ఉన్న ముక్కలకు పాయింట్లు లెక్కిస్తారు: ఎనిమిదికి 50, రాజు, రాణి, జాకీలకు పదేసి, ఆసుకు 1, మిగతావాటికి వాటి అంకె. చేతిలో ఉన్నంతసేపు బలంగా కనిపించే ఎనిమిదే ఆట చెయ్యిదాటిన క్షణంలో అన్నిటికంటే పెద్ద నష్టమవుతుంది.

దాచడం ఎందుకు మంచిదో ముందు ఒప్పుకోవాలి. చేతిలో రెండు ముక్కలుండి, వాటిలో ఒకటి ఎనిమిది, రెండోది ఇప్పుడు వేయదగినది అయితే, ఆ రెండోదాన్ని ముందు వేయాలి. తర్వాతి వంతు మనదాకా వస్తే ఏ పైముక్క ఉన్నా ఎనిమిదితో ముగించవచ్చు, మనల్ని రంగు మార్చి ఆపడం ఎవరికీ సాధ్యం కాదు. ఎనిమిదితో ముగించకూడదనే నియమం పెట్టుకుని ఆడేవారూ ఉన్నారు కనుక, ఈ సంగతి పంచకముందే తేల్చుకోవాలి. ఇక రెండు ఎనిమిదులు వస్తే ఒకటి చాలు, రెండోదాన్ని ఆట మధ్యలో ఖర్చు పెట్టడమే నయం.

ఇప్పుడు నా వాదనకు ఆధారమైన సందర్భం చూద్దాం. ముగ్గురు ఆడుతున్నారు, ఒక్క ముక్క మాత్రమే తీసుకునే నియమం. మన తర్వాత ఆడే వ్యక్తి చేతిలో ఒకే ముక్క మిగిలింది. పైముక్క కళావరు 10. మన చేతిలో ఇస్పేటు 8, ఆఠీను 6, ఆఠీను రాజు, కళావరు 3 ఉన్నాయి. ఎనిమిదిని దాచాలనే పట్టుదల ఉన్నవారు కళావరు 3 వేస్తారు. పక్కవ్యక్తి దగ్గర కళావరు గాని, మరో మూడు గాని, ఎనిమిది గాని ఉంటే ఆట అక్కడితో ముగుస్తుంది, మన చేతిలో 50, 6, 10 కలిసి 66 పాయింట్లు ఉండిపోతాయి.

అయితే కొన్ని చుట్ల కిందట ఒక సంగతి జరిగింది. పైముక్క ఆఠీను 9గా ఉన్నప్పుడు అతడు కట్టలోంచి ఒకటి తీసుకుని, అదీ వేయలేక వంతు వదిలేశాడు, ఆ తర్వాత మళ్లీ కట్టను ముట్టలేదు. కాబట్టి ఇప్పుడు అతని దగ్గరున్న ముక్క ఆనాడు చేతిలో ఉన్నదే, అది ఆఠీను కాదు, తొమ్మిదీ కాదు. మనం ఎనిమిది వేసి ఆఠీను అడిగితే అతడు తీసుకోవలసిందే. అదృష్టవశాత్తు ఆఠీనే వచ్చి దాన్ని వేసినా, పాత ముక్క చేతిలోనే ఉంటుంది కనుక ఆ వంతులో ముగించలేడు.

ఈ అంచనాకు ఒక పరిమితి ఉంది. వేయదగిన ముక్క ఉన్నా కట్టలోంచి తీసుకోవడానికి చాలా నియమావళులు అనుమతిస్తాయి. ఆఠీను ఉంచుకుని ఎవరూ సాధారణంగా అలా చేయరు గాని, ఎనిమిదిని దాచుకోవడానికి చేస్తారు. అతని చివరి ముక్క ఎనిమిదే అయితే మనం ఏ రంగు అడిగినా ఆగదు. అయినా మన చేతిలో మిగిలేవి 6, 10, 3, అంటే 19 పాయింట్లే. ఓడిపోయినా 47 పాయింట్లు మిగిలినట్టే.

ఆఠీను అడగడానికి మరో కారణమూ ఉంది. అతని తర్వాత మూడో ఆటగాడు ఆడతాడు, ఆపైన మళ్లీ మనం, ఆ తర్వాతే అతడు. మూడో వ్యక్తి రంగు మార్చకపోతే మన ఆఠీనుల్లో ఒకటి వేసి అదే రంగును నిలబెట్టవచ్చు. అందుచేత అతని దగ్గర లేనిదీ, మన దగ్గర రెండు మూడు ఉన్నదీ అయిన రంగు దొరికితే అంతకు మించినది లేదు. రెండూ కలవనప్పుడు, అతని చేతిలో మూడు నాలుగు ముక్కలుంటే మనకు ఎక్కువగా ఉన్న రంగును, ఒకటి రెండే ఉంటే అతని దగ్గర లేని రంగును అడగాలి. మన దగ్గర ఆ రంగు ఒక్కటీ లేకపోయినా సరే.

కనుక ఎవరు ఏ పైముక్క దగ్గర కట్ట ముట్టారో గుర్తుంచుకోవడం ఈ ఆటలో అతి ముఖ్యమైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. వేయదగినది వచ్చేదాకా తీసుకోవాలనే నియమంతో ఆడేటప్పుడు ఈ సమాచారం ఇంకా విలువైనది. ఒకరు నాలుగు ముక్కలు తీసి నాలుగోది వేస్తే, మొదటి మూడూ ఆ రంగువి కావని, దాచుకున్న ఎనిమిది ఉంటే తప్ప చేతిలో వేయదగినది మరేదీ లేదని తెలిసిపోతుంది. అదే నియమం మన నిర్ణయాన్నీ మారుస్తుంది. ఒక్కటే తీసుకోవలసిన ఆటలో, అందరి దగ్గరా నాలుగేసి ముక్కలుండగా, నేను ఎనిమిదిని ఖర్చు చేయకుండా కట్టలోంచే తీసుకుంటాను. దొరికేదాకా తీసుకోవలసిన ఆటలో ఐదారు ముక్కలు మీద పడవచ్చు కనుక ఎనిమిది వేసేస్తాను.

ఎనిమిది లేనప్పుడు కూడా ఆపడానికి దారి ఉంది. పైముక్క ఇస్పేటు 6 అయి, పక్కవ్యక్తి ఇస్పేటు కోసం చూస్తున్నట్టు అనిపిస్తే, మన దగ్గరున్న డైమను 6తో రంగు మార్చవచ్చు. మిగతా రెండు ఆరులూ అప్పటికే పడిపోయి ఉంటే అతడు అంకె కలిపి తప్పించుకోలేడు, డైమను గాని ఎనిమిది గాని ఉండి తీరాలి. అందుకే జతగా ఉన్న అంకెలను ఆట మొదట్లోనే తొందరపడి వదిలేయకూడదు.

ప్రమాదం మన వెంటనే ఆడే వ్యక్తి నుంచి కాక, ఆ తర్వాతి వ్యక్తి నుంచి వస్తే లెక్క వేరు. మనం అడిగిన రంగును మధ్యలో ఉన్నవారు మార్చేయవచ్చు. ఆ ఇద్దరి దగ్గరా లేని రంగును అడిగితే మధ్యవ్యక్తి తీసుకుని వదిలేస్తాడు, రంగు మారకుండా అసలు వ్యక్తిదాకా చేరుతుంది. అటువంటి రంగేదో తెలియకపోతే, 13 ముక్కల్లో కుప్పమీద పడినవీ మన చేతిలోవీ కలిపి పది దాకా లెక్కకు వచ్చిన రంగును అడగడం మేలు, ఎందుకంటే ఇతరుల చేతుల్లో గాని కట్టలో గాని మిగిలినవి మూడే. కట్ట అయిపోయి, కుప్పను తిరిగి కలిపి పెట్టిన తర్వాత మాత్రం ఈ లెక్క చెల్లదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.