గ్యాస్ బలం వేరు, వేగం వేరు

నిన్న రాత్రి మా బెంగళూరు హాస్టల్లో జూనియర్ ఒకమ్మాయి మాక్ టెస్ట్ ప్రశ్న పట్టుకుని నా గదికొచ్చింది. పేర్లు చెప్పకుండా రెండు మత్తు గ్యాసుల అంకెలిచ్చారు. ఒకదాని మ్యాక్ 0.75 శాతం, బ్లడ్ గ్యాస్ కోఎఫిషియెంట్ 2.4. రెండోదాని మ్యాక్ 6 శాతం, కోఎఫిషియెంట్ 0.42. ఏది బలమైనది, ఏది తొందరగా పనిచేస్తుంది? తను రెండింటికీ మొదటిదే రాసింది. "రక్తంలో ఎక్కువ కరుగుతుంది కదక్కా, తొందరగా మెదడుకు చేరుతుందనుకున్నా" అంది.

నాకు కోపమొచ్చింది, ఆ అమ్మాయి మీద కాదు. పట్టిక బట్టీ పట్టించి, ఏ గడి దేనికి జవాబో చెప్పకుండా వదిలేసే మన చదువు మీద.

మ్యాక్ అంటే, కత్తి గాటు పడినా సగం మంది కదలకుండా ఉండటానికి ఊపిరితిత్తుల గాలి గదుల్లో ఉండాల్సిన గ్యాస్ శాతం. అది ఎంత తక్కువైతే మందు అంత బలం. 0.75 శాతంతో పనయ్యే హాలోథేన్, 6 శాతం కావాల్సిన డెస్‌ఫ్లూరేన్ కంటే 8 రెట్లు బలమైనది. బలం గురించి అంతే. వేగం గురించి మ్యాక్ ఏమీ చెప్పదు.

వేగానికి తనకొక గంగాళం, ఒక చెంబు ఊహించుకోమన్నాను. రెండూ ఒకే ఎత్తు, పైన ఒకేలాంటి కుళాయి. మెదడును నిద్రపుచ్చేది పాత్రలో ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు, నీటి మట్టం ఎంత లేచిందన్నది. ఆ మట్టమే గ్యాస్ పీడనం. బ్లడ్ గ్యాస్ కోఎఫిషియెంట్ చెప్పేది పాత్ర ఎంత పెద్దదన్నదే. మట్టం సమానమయ్యేసరికి లీటరు రక్తంలో, లీటరు గాలి గది గాలిలో ఉన్నదానికి 2.4 రెట్ల హాలోథేన్ చేరుతుంది. డెస్‌ఫ్లూరేన్ అయితే 0.42 వంతే. అంటే హాలోథేన్‌కు రక్తం దాదాపు 6 రెట్లు పెద్ద పాత్ర. పీల్చిందంతా రక్తం లాగేసుకుంటుంటే గాలి గదుల్లో మట్టం లేవదు, మెదడులోనూ లేవదు.

ఆపరేషన్ థియేటర్‌లో ఇది కళ్లారా కనిపిస్తుంది. మానిటర్ మీద పీల్చే గాలిలోని శాతం Fi, వదిలే గాలి చివర్లోని శాతం Et. డెస్‌ఫ్లూరేన్‌తో Et కొద్ది నిమిషాల్లోనే Fi దగ్గరికొస్తుంది. హాలోథేన్‌తో చాలాసేపు కిందే ఉండిపోతుంది. ఆపేశాక మెలకువ రావడంలోనూ అదే తేడా.

బలానికీ వేగానికీ ముడిపెట్టేవాళ్లు నైట్రస్ ఆక్సైడ్‌ను చూడాలి. కోఎఫిషియెంట్ 0.47, వేగం బాగుంది. మ్యాక్ 104 శాతం, అంటే మామూలు వాతావరణ పీడనంలో అదొక్కటే ఇచ్చి ఆపరేషన్ చేయలేం.

"మరి పిల్లలకు మాస్క్‌తో డెస్‌ఫ్లూరేన్ ఇస్తే ఇంకా తొందరగా పడుకుంటారు కదక్కా?" అనడిగింది. ఈ రెండు అంకెలూ చెప్పలేనిది అక్కడే ఉంది. డెస్‌ఫ్లూరేన్ ఘాటుకు పిల్లలు దగ్గి, ఊపిరి బిగబడతారు. స్వరపేటిక బిగుసుకుపోవచ్చు కూడా. అందుకే కోఎఫిషియెంట్ 0.65 ఉన్నా, ఘాటు లేని సెవోఫ్లూరేన్‌తోనే నిద్రపుచ్చుతాం.