రీస్టార్ట్ చేయమనే ముందు ఆ లీజు టేబుల్ ఒక్కసారి తెరిచి చూడండి

"రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." ఇవాళ సాయంత్రం మళ్ళీ అదే మాట విన్నాను. ఒళ్ళు మండిపోతోంది. నేను చెప్పేది సగం కూడా వినకుండా అనేశాడు ఆ సపోర్ట్ కుర్రాడు. అతన్ని అని లాభం లేదు, అతని ముందు పెట్టిన కాగితంలో మొదటి లైను అదే అయి ఉంటుంది. నా కోపమంతా ఆ కాగితం రాసినవాళ్ళ మీద.

జరిగింది ఇదీ. మేం నడిపే రీడింగ్ రూమ్‌కి సాయంత్రం పూట కొత్తగా వచ్చే పిల్లలకి వైఫై తగలడం లేదు. సిగ్నల్ నిండుగా ఉంది, పాస్‌వర్డ్ సరైనదే. ఫోన్‌లో `Obtaining IP address` అని కాసేపు తిరుగుతుంది, తర్వాత కనెక్షన్ ఊడిపోతుంది. "అన్నా, పక్కవాడికి వస్తోంది, నాకెందుకు రావట్లేదు?" అని అడుగుతున్నారు. నిజమే, పొద్దున్నుంచి కూర్చున్నవాళ్ళకి నెట్ హాయిగా వస్తోంది. ఇప్పుడు గుమ్మం దాటి లోపలికొచ్చినవాళ్ళకే లేదు.

ఈ ఒక్క తేడాలోనే సగం జవాబు ఉంది కదా! లైను పోతే అందరికీ పోవాలి. సిగ్నల్ బాగాలేకపోతే మూల కూర్చున్నవాళ్ళకి పోవాలి. పాతవాళ్ళకి వచ్చి కొత్తవాళ్ళకి మాత్రమే రాకపోతే మొదట అనుమానించాల్సింది రౌటర్ దగ్గర పంచడానికి అడ్రస్‌లు మిగిలాయా లేదా అనే. ఈ మాటే సపోర్ట్ వాడికి చెప్పబోయాను. వినలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. వైఫైలోకి వచ్చిన ప్రతి ఫోనుకీ రౌటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఆ పని చేసే భాగాన్ని డీహెచ్‌సీపీ సర్వర్ అంటారు. దాని దగ్గర పంచడానికి పెట్టుకున్న అడ్రస్‌ల గుంపు ఒకటి ఉంటుంది, దాన్నే పూల్ అంటారు. మా రౌటర్‌లో అది 192.168.1.100 నుంచి 192.168.1.149 వరకు, అంటే సరిగ్గా 50 అడ్రస్‌లు. ఇచ్చిన ప్రతి అడ్రస్‌కీ ఒక గడువు ఉంటుంది, దాన్నే లీజు టైమ్ అంటారు. మా దాంట్లో 24 గంటలు పెట్టి ఉంది. కొన్ని రౌటర్లలో ఇది సెకన్లలో 86400 అని కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మనిషి లేచి వెళ్ళిపోతే అడ్రస్ తిరిగి వచ్చేస్తుందని అనుకుంటారు. రాదు. వదిలేస్తున్నానని చెప్పడానికి డీహెచ్‌సీపీలో రిలీజ్ అనే సందేశం ఉంది గానీ, జేబులో పెట్టుకుని గుమ్మం దాటిన ఫోను మామూలుగా అది పంపదు. రౌటర్‌కి ఆ ఫోను వెళ్ళిపోయిందో, నిద్రపోతోందో తెలియదు. గడువు తీరేదాకా ఆ అడ్రస్‌ని దాని పేరు మీదే ఉంచుతుంది. గంటసేపు చదువుకుని వెళ్ళిన పిల్లాడు రేపు ఇదే వేళ దాకా ఒక అడ్రస్‌ని పట్టుకుని ఉంటాడు.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకి పది గంటలు తెరిచి ఉంటాం. గంటకి ఆరుగురు వస్తారనుకోండి, ఒక్కొక్కరు గంటసేపు ఉంటారనుకోండి. ఏ క్షణంలో చూసినా గదిలో ఉన్నది ఆరుగురే. కానీ 24 గంటల లీజు మీద రోజు ముగిసేసరికి 60 అడ్రస్‌లు కావాలి. ఉన్నవి 50. ఆరుగురు కూర్చున్న గదిలో యాభై అడ్రస్‌లు అయిపోతాయి! అదే లీజు రెండు గంటలైతే? ఫోను సగం గడువు దగ్గర, అంటే గంటకి, లీజుని పొడిగించుకుంటుంది. వెళ్ళే ముందే పొడిగించుకున్నా మొత్తం మూడు గంటలకి మించి అడ్రస్ దాని దగ్గర ఉండదు. గంటకి ఆరు, మూడు గంటలు, అంటే 18. యాభైలో పద్దెనిమిది. అదే మనుషులు, అదే రౌటర్. మారింది ఒక్క అంకె.

మరి రీస్టార్ట్ చేస్తే ఎందుకు పనిచేస్తుంది? పనిచేస్తుంది, అదే నా బాధ. మా రౌటర్‌లో నడిచేది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్. దాంట్లో లీజుల జాబితా `/tmp/dhcp.leases` అనే ఫైల్లో, ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు తీయగానే అది చెరిగిపోతుంది. రౌటర్ లేచేసరికి దాని దృష్టిలో అన్ని అడ్రస్‌లూ ఖాళీయే, కాబట్టి కొత్తవాళ్ళకి దొరుకుతుంది. సపోర్ట్ వాడు "అయిపోయింది కదా సార్" అని ఫోన్ పెట్టేస్తాడు. రోగం అలాగే ఉంది, పైగా రోగం ఏమిటో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం చెరిగిపోయింది. రేపు సాయంత్రానికి పూల్ మళ్ళీ నిండుతుంది.

అందుకే ఈసారి ఆఫ్ చేయలేదు. లాగిన్ అయి చూశాను.

```
wc -l < /tmp/dhcp.leases
logread | grep "no address available"
```

మొదటిదానికి వచ్చిన జవాబు 50. రెండోదానికి వరసగా లైన్లు, ప్రతి లైన్లోనూ అడ్రస్ అడిగి ఖాళీ చేతులతో వెనక్కి వెళ్ళిన ఒక ఫోను. ఇంతకన్నా ఏం కావాలి? మామూలు రౌటర్ అయితే కమాండ్లు అక్కర్లేదు, డీహెచ్‌సీపీ పేజీలో క్లయింట్ల జాబితా ఉంటుంది. అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పూల్ సైజుతో పోల్చి చూస్తే చాలు. జాబితాలో ఇరవయ్యే ఉండి కొత్తవాళ్ళకి రాకపోతే అది వేరే జబ్బు, దీని మీద టైమ్ వృథా చేసుకోకండి.

లాగిన్ లేనివాళ్ళు కూడా కనిపెట్టవచ్చు. తగలని లాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే అది రౌటర్ ఇచ్చింది కాదు, ఎవరూ ఇవ్వక తనకు తానే పెట్టుకున్నది. అప్పుడు పూల్‌కి బయట, ఎవరూ వాడని అడ్రస్ ఒకటి, మా దాంట్లో అయితే 192.168.1.240, చేత్తో పెట్టి, గేట్‌వే, డీఎన్ఎస్ రెండింటికీ రౌటర్ అడ్రస్ ఇచ్చి చూడండి. నెట్ వచ్చేసిందా? అయితే లైనూ బాగుంది, వైఫై కూడా బాగుంది, తేడా అడ్రస్‌లు పంచే దగ్గరే. చూశాక మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టేయండి, మర్చిపోతే ఇంకో చోట ఆ లాప్‌టాప్‌కి నెట్ రాదు.

ఇక ఆ జాబితాలో కనిపించినదాంతో అసలు మంట మొదలైంది.

```
1735726500 3a:91:0c:5e:72:d4 192.168.1.117 iPhone 01:3a:91:0c:5e:72:d4
1735727220 b6:2f:48:a3:19:0e 192.168.1.118 iPhone 01:b6:2f:48:a3:19:0e
```

మొదటి అంకె గడువు తీరే సమయం, సెకన్లలో. రెండింటికీ తేడా 720, అంటే పన్నెండు నిమిషాలు. దాని పక్కన ఉన్నది మ్యాక్ అడ్రస్, ఏ ఫోను ఏదో రౌటర్ గుర్తుపట్టేది దాంతోనే. రెండు వేర్వేరు మ్యాక్ అడ్రస్‌లు, రెండు వేర్వేరు ఐపీలు. చూస్తే ఇద్దరు మనుషులు. కానీ కాదు! కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి ఫోను తీసి చూపించింది. వైఫై సెట్టింగ్స్‌లో మొదటి పేరు కింద మొదటి మ్యాక్, రెండో పేరు కింద రెండోది. ఒకే ఫోను.

ఎందుకంటే మాకు రెండు వైఫై పేర్లు ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌కి ఒకటి. "అలా విడివిడిగా పెడితేనే స్పీడ్ వస్తుంది" అని ఒక పెద్దమనిషి పట్టుబట్టి పెట్టించాడు. నేను అప్పుడే వద్దన్నాను. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్‌లో 10 నుంచి, ఫోను తన అసలు మ్యాక్ చూపకుండా ఒక్కో వైఫై పేరుకి ఒక్కో కల్పిత మ్యాక్ వాడుతుంది. గోప్యతకి అది మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ రెండు పేర్లూ ఒకే పూల్‌లోంచి తాగుతున్నప్పుడు, ఒక పేరు నుంచి ఇంకో పేరుకి మారిన ప్రతి ఫోనూ రౌటర్ దృష్టిలో ఇద్దరు అతిథులు. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, a, e లలో ఏదైనా అయితే అది కల్పితమని గుర్తు. పై రెండు లైన్లూ చూడండి, 3a, b6. మా జాబితాలో చాలా వరకు ఇవే. సిగ్నల్ కొంచెం తగ్గగానే పిల్లలు రెండో పేరు నొక్కుతారు, ఇంకో అడ్రస్ 24 గంటల పాటు పోతుంది. ఆ స్పీడ్ కబుర్లు చెప్పినవాళ్ళెవరూ ఇవాళ గుమ్మంలో నిలబడి పిల్లలకి జవాబు చెప్పలేదు.

ఇంతకుముందు ఇదే గొడవకి బూస్టర్ కొనమన్నారు. కొన్నాం. బూస్టర్ సిగ్నల్‌ని మోస్తుంది, మాకు పెట్టినది అడ్రస్ కోసం మళ్ళీ అదే రౌటర్‌ని అడుగుతుంది. యాభై యాభైగానే ఉన్నాయి. పుస్తకాలు కొనాల్సిన డబ్బు అది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

దిద్దడానికి పట్టిన పని ఇంతే:

```
uci set dhcp.lan.start='50'
uci set dhcp.lan.limit='180'
uci set dhcp.lan.leasetime='2h'
uci commit dhcp
/etc/init.d/dnsmasq restart
```

పూల్ ఇప్పుడు 50 నుంచి 229 వరకు. ప్రింటర్‌కి చేత్తో పెట్టిన అడ్రస్ 20, కాబట్టి దాని జోలికి పోలేదు. మీరు పూల్ పెంచేటప్పుడు ఇది తప్పకుండా చూసుకోండి, లేకపోతే ప్రింటర్ అడ్రస్ ఎవరి ఫోనుకో వెళ్ళి రెండూ కొట్టుకుంటాయి. ఒక్క లీజు టైమ్ తగ్గించి ఊరుకుంటే వెంటనే ఫలితం కనిపించదు. వెళ్ళిపోయిన ఫోన్లు పాత 24 గంటల గడువు మీదే ఉంటాయి, కొత్త గడువు తీసుకోవడానికి అవి రావు. పూల్ కూడా పెరిగింది కాబట్టి మా పిల్లలకి అప్పటికప్పుడే తగిలింది. అలాగని లీజుని ఐదు నిమిషాలకి దించకండి. రౌటర్ కాసేపు మొరాయిస్తే పొడిగింపు దొరక్క కూర్చున్నవాళ్ళ అడ్రస్‌లు కూడా పోతాయి.

ఇవన్నీ చేయగలిగింది ఆ రౌటర్ మా చేతిలో ఉంది కాబట్టి. పై అంతస్తులో కనెక్షన్ ఇచ్చిన కంపెనీ పెట్టిన బాక్స్ ఉంది. దాంట్లో లీజు టైమ్ గడి కనిపిస్తుంది, నొక్కితే మారదు, బూడిద రంగులో బిగించేశారు. పూల్ నిండితే ఒక హెచ్చరిక లేదు, ఒక దీపం ఎర్రబడదు, ముందువైపు అన్నీ పచ్చగానే వెలుగుతుంటాయి. మార్చమని అడిగితే "కస్టమర్లకి ఆ అవసరం ఉండదు సార్" అన్నారు. అవసరం ఉందో లేదో చెప్పాల్సింది గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడిన పిల్లలు. ఆ గడి తెరవండి. తెరవలేకపోతే కనీసం మా తరఫున మీరే ఆ అంకె మార్చండి. రెండూ కుదరదంటే ఆ బాక్స్‌లో డీహెచ్‌సీపీ ఆపేయండి, అడ్రస్‌లు మా రౌటర్ నుంచే పంచుకుంటాం. ఈ మూడూ రాసి రేపు పొద్దున్నే కంప్లైంట్ పెడుతున్నా, 50 లైన్ల లీజు ఫైల్‌ని జతచేసి మరీ.